ఫ్రెంచి రెస్టారెంటు మెనూను ఇంగ్లీషులోకి మార్చడం ఎలా: లియోన్ నగరపు మెనూ ఒకటి ఉదాహరణగా

ఫ్రెంచి నేర్చుకుని అనువాద పనులు చేపట్టినవారు మెనూ చేతికి రాగానే దాదాపు అందరూ ఒకే సందేహం అడుగుతున్నారు. వంటకం పేరును ఇంగ్లీషులోకి మార్చాలా, ఉన్నది ఉన్నట్టే ఉంచాలా, సాస్ పేర్ల సంగతి ఏమిటి అన్నదే ఆ సందేహం. పేరును ఫ్రెంచిలోనే ఉంచి, దాని కింద పళ్లెంలోకి ఏం వస్తుందో ఇంగ్లీషులో చెప్పాలన్నది నా సమాధానం. మెనూ చదివే మనిషి కోరేది పేరుకు అర్థం కాదు. ఆ వంటకాన్ని తాను తినగలడా, తినాలనుకుంటున్నాడా అన్నది తేల్చుకోవడానికి అవసరమైన సమాచారం అతనికి కావాలి. ఈ పని ఎలా చేయాలో లియోన్ నగరంలోని బూషోన్ తరహా మెనూ ఒకటి తీసుకుని వరుసగా చూద్దాం. బూషోన్ అంటే లియోన్ సంప్రదాయ వంటకాలు వడ్డించే చిన్న భోజనశాల. అక్కడి వంటకాల పేర్లు అనువాదకులను ఎక్కువగా తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి ఇది సాధనకు అనువైన మెనూ.

```
ENTRÉES
Salade lyonnaise
Cervelle de canut, pain grillé

PLATS
Quenelle de brochet, sauce Nantua
Tablier de sapeur, sauce gribiche
Aile de raie au beurre noisette, pommes vapeur

DESSERT
Tarte aux pralines
```

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

మొదటిది, మెనూ టైపు చేసిన ఫైలు. దానితో పాటు అచ్చయిన మెనూ కార్డు ఫొటో కూడా అడిగి తీసుకోండి, ఎందుకంటే ఏ మాట శీర్షికో, ఏ మాట వంటకమో, ఏది చిన్న అక్షరాల గమనికో ఫొటోలోనే స్పష్టంగా తెలుస్తుంది.

రెండవది, ఆ రెస్టారెంటు అలర్జీ పట్టిక. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం 2014 డిసెంబరు 13 నుంచి 14 రకాల అలర్జీ కారకాల సమాచారాన్ని రెస్టారెంట్లు కూడా అందుబాటులో ఉంచాలి. కాబట్టి ఈ పట్టిక యజమాని దగ్గర ఉండి తీరాలి. అనువాదకుడికి ఇది నిఘంటువు కన్నా విలువైనది, ఎందుకంటే వంటకంలో వాస్తవంగా ఏమున్నదో ఇది చెబుతుంది.

మూడవది, వంటగదిలో మీ ప్రశ్నలకు జవాబు చెప్పగల ఒక మనిషి. నాలుగవది, ఇంగ్లీషు బ్రిటన్ పాఠకుల కోసమా, అమెరికా పాఠకుల కోసమా అన్న స్పష్టత. ఈ నాలుగూ లేకుండా పని ఒప్పుకోవద్దు. వంటగది నుంచి జవాబు రాదని ముందే తెలిస్తే, ఏయే వంటకాల వివరణ మీ ఊహ మీద ఆధారపడిందో రాసి ఇస్తానని పని ఒప్పుకునేటప్పుడే చెప్పండి.

1. శీర్షికలతో మొదలుపెట్టండి

తప్పులు వంటకాలలో కాక శీర్షికలలోనే మొదలవుతాయి. ఫ్రాన్సులో ఆంత్రే అంటే భోజనంలో ముందుగా వచ్చేది. అమెరికాలో అదే మాటకు ప్రధాన వంటకం అనే అర్థం స్థిరపడింది. శీర్షికను అలాగే వదిలేస్తే అమెరికా అతిథి సలాడ్‌ను పూర్తి భోజనం అనుకుని తెప్పించుకుంటాడు. కాబట్టి ఆంత్రేకు స్టార్టర్స్ అని, ప్లా అన్నదానికి మెయిన్స్ అని రాయండి. ఇవి రెండు దేశాలలోనూ అర్థమవుతాయి.

ఫ్రెంచిలో మెనూ అనే మాట కూడా జాగ్రత్తగా చూడవలసినదే. స్థిరమైన ధరకు రెండు మూడు కోర్సులు కలిపి ఇచ్చే భోజనాన్ని వారు మెనూ అంటారు. మనం మెనూ అనే జాబితా వారికి కార్ట్ అవుతుంది. అందువల్ల మెనూ అని ధరతో సహా కనిపిస్తే సెట్ మెనూ అని రాయాలి. ఫార్ముల్ అన్నది కూడా ఇటువంటిదే, కాని సాధారణంగా చిన్నది: స్టార్టరుతో మెయిన్, లేదా మెయిన్‌తో డెజర్టు. ఇందులో ‘లేదా’ అన్నది స్పష్టంగా కనిపించకపోతే బిల్లు దగ్గర తగాదా వస్తుంది.

2. ప్రతి వరుసనూ విడదీయండి

ఒక పట్టిక తీసుకుని ప్రతి వంటకానికీ అయిదు గడులు గీయండి: ప్రధాన పదార్థం, దానిలో ఏ భాగం, వండిన తీరు, సాస్, పక్కన వచ్చేది. మెనూలోని మాటలను ఈ గడులలో నింపండి. ఖాళీగా మిగిలిన గడులే మీరు తెలుసుకోవలసిన విషయాలు.

మన మెనూలోని రే చేప వరుసను చూడండి. ప్రధాన పదార్థం రే, అంటే ఇంగ్లీషు మెనూలలో స్కేట్ అని పిలిచే చదునైన చేప. భాగం దాని రెక్క. సాస్ బ్యర్ నువాజెట్. పక్కన వచ్చేది పోమ్ వపర్. వండిన తీరు గడి ఖాళీగా ఉంది. దాన్ని ముందు ఉడికిస్తారా, నేరుగా పెనం మీద వేయిస్తారా అన్నది వంటగదిని బట్టి మారుతుంది. కాబట్టి అడిగి తెలుసుకోవాలి, లేకపోతే వివరణలో ఆ ప్రస్తావన తీసుకురాకూడదు. ఇక పోమ్ వపర్‌లోని పోమ్ ఆపిల్ కాదు, బంగాళాదుంప. పోమ్ ద తేర్ అన్న పూర్తి పేరును ఫ్రెంచి మెనూలు ఇలా కుదిస్తాయి. డెజర్టు విభాగంలో కనిపిస్తే ఆపిల్, చేప పక్కనో మాంసం పక్కనో కనిపిస్తే చాలావరకు బంగాళాదుంప. అయితే పంది మాంసం పక్కన, బూడాన్ అనే రక్తపు సాసేజి పక్కన నిజంగానే ఆపిల్ వడ్డించే అలవాటు ఉంది. అక్కడ ఊహించకండి, అడగండి.

3. పేరు వెనుక ఉన్న వంటకాన్ని పట్టుకోండి

సెర్వెల్ ద కనూ అన్న పేరును మాటకు మాట మారిస్తే పట్టు నేతగాడి మెదడు అని వస్తుంది. కనూలు అంటే లియోన్ పట్టు నేతపనివారు. 1831లోనూ 1834లోనూ వారు చేసిన తిరుగుబాట్లు ఫ్రాన్సు చరిత్రలో పేరు పొందాయి. వంటకంలో మాత్రం మెదడు అణువంతైనా లేదు. మెత్తని తాజా తెల్ల చీజును గిలకొట్టి, సన్నగా తరిగిన చిన్న ఉల్లి, వెల్లుల్లి, చైవ్ అనే ఉల్లి జాతి ఆకు, నూనె, వెనిగర్ కలిపి చేసే చల్లని పదార్థం అది. మెదడు అని రాస్తే శాకాహారి తినగలిగిన వంటకం కాస్తా అతనికి దూరమవుతుంది. చీజు తయారీలో పాలు గడ్డకట్టడానికి జంతు సంబంధమైన రెనెట్ వాడతారేమో అన్న పట్టింపు ఉన్నవారికి అది వేరే ప్రశ్న.

తాబ్లియే ద సపర్ దీనికి తలకిందులు. సైన్యంలో తవ్వకం, కట్టడం పనులు చేసే సాపర్ తొడుక్కునే తోలు ఏప్రన్ అని పేరుకు అర్థం. పేరు చూస్తే ఏమీ తెలియదు, వంటకంలో మాత్రం పశువు కడుపు పొర ఉంటుంది. తెలంగాణలో బోటీ అని మనకు తెలిసిన వర్గానికి చెందినదే ఇది. దాన్ని వైట్ వైన్‌లో నానబెట్టి, బ్రెడ్ పొడి పట్టించి వేయిస్తారు. బయట కరకరలాడే పూత ఉండటం వల్ల కట్లెట్ అనుకుని తినేవారు ఉంటారు. అందుకని ఇంగ్లీషు వివరణలో ట్రైప్ అన్న మాట తప్పనిసరిగా, వీలైనంత ముందుగా రావాలి. బీఫ్ అన్న మాట కూడా రావాలి. బీఫ్ తినని అతిథికి ఈ ఒక్క మాట మొత్తం వివరణ కన్నా ముఖ్యం.

ఇటువంటి పేరు ఎదురైనప్పుడు ఇంగ్లీషులో వెతకవద్దు. ఫ్రెంచి పేరుకు రెసెట్ అన్న మాట చేర్చి వెతికి, రెండు మూడు ఫ్రెంచి వంట విధానాలు చదవండి. అన్నిటిలోనూ ఉన్న పదార్థాలు వంటకానికి మూలం. ఒకదానిలోనే కనిపించేవి ఆ వంటవాడి ఇష్టం. మూలంలో ఉన్నవాటితో వివరణ రాసుకుని, మిగిలినవాటిని వంటగదికి వేసే ప్రశ్నలుగా పెట్టుకోండి.

సలాద్ లియోనేజ్ విషయంలో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. అన్ని విధానాలలోనూ ఫ్రిజే అనే వంకీల ఆకు, వేడివేడి పంది మాంసపు ముక్కలు, పెంకు తీసి నీటిలో ఉడికించిన గుడ్డు కనిపిస్తాయి. బ్రెడ్ ముక్కలు, ఆవాల డ్రెస్సింగు కూడా చాలావాటిలో ఉంటాయి. పేరులో సలాడ్ ఉన్నది కదా అని లియోన్ సలాడ్ అని వదిలేస్తే పంది మాంసం తినని అతిథి నమ్మి తెప్పించుకుంటాడు. మరో జాగ్రత్త: ఆ ముక్కలను ఫ్రెంచిలో లార్దోన్ అంటారు. ఫ్రెంచి లార్ మాంసపు ముక్క, ఇంగ్లీషు లార్డ్ కరిగించిన పంది కొవ్వు. ఇక్కడ బేకన్ అని రాయడమే సరి.

4. సాస్ పేరు ఉంచండి, కాని లోపల ఏముందో చెప్పండి

సాస్ పేర్లలో చాలావరకు ఊరి పేర్లు, మనుషుల పేర్లు, లేదా ఇప్పుడు ఎవరికీ వెంటనే స్ఫురించని పాత మాటలు. ప్రతి సాస్‌కూ మీరు చెప్పవలసినవి రెండే: అది దేనితో తయారైంది, తినేవారికి నోటిలో ఎలా ఉంటుంది.

నాంత్యువా లియోన్‌కు ఈశాన్యాన సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. ఆ పేరుతో వచ్చే సాస్‌ను పాలు, మైదా కలిపిన బేషమెల్‌లో క్రీము, క్రేఫిష్ వెన్న చేర్చి తయారుచేస్తారు. క్రేఫిష్ మంచినీటిలో పెరిగే, రొయ్యల వర్గానికి చెందిన ప్రాణి. కాబట్టి క్రీమీ క్రేఫిష్ సాస్ అంటే చాలు. దీనిని లాబ్‌స్టర్ సాస్ అని రాసిన అనువాదాలు చూశాను. అది ధర ఎక్కువైన వేరే ప్రాణి కనుక ఆ మాట అతిథిని మోసం చేసినట్టే అవుతుంది. ఈ సాస్ కింద వచ్చే కెనెల్‌ను పైక్ అనే మంచినీటి చేప మాంసాన్ని మెత్తగా నూరి, పిండి, గుడ్లు, వెన్న కలిపి తయారుచేసి, ఉడికించి, సాస్‌తో ఓవెన్‌లో పెట్టి పొంగిస్తారు. ఇంగ్లీషులో ఫిష్ బాల్ అంటే గట్టిగా, చిన్నగా ఉండే మరో వస్తువు మనసులోకి వస్తుంది. పైక్ డంప్లింగ్ అని, తేలికగా ఉంటుందని తెలిసేలా లైట్ అనే మాట చేర్చి రాయండి. ఈ ఒక్క పళ్లెంలో చేప, రొయ్యల వర్గపు క్రస్టేషియన్లు, పాలు, గుడ్డు, గోధుమ గ్లూటెన్ అనే అయిదు అలర్జీ కారకాలు ఉన్నాయి. ఫ్రెంచి వరుసలో నేరుగా కనిపించేది చేప ఒక్కటే.

గ్రిబీష్ చల్లని సాస్. గట్టిగా ఉడికిన గుడ్డు పచ్చసొనను ఆవాలముద్ద, నూనెతో కలిపి, అందులో తరిగిన తెల్లసొన, కేపర్లు అనే ఊరవేసిన పూమొగ్గలు, చిన్న దోసకాయ ఊరగాయ ముక్కలు, ఆకులు వేస్తారు. వివరణలో అన్నీ చెప్పనక్కరలేదు. గుడ్డు, కేపర్లు, గెర్కిన్లు అంటే పులుపూ చిక్కదనమూ రెండూ అర్థమవుతాయి.

ఇక బ్యర్ నువాజెట్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. నువాజెట్ అంటే హేజెల్‌నట్. దీనిని హేజెల్‌నట్ బటర్ అని రాసిన మెనూలు ఎన్నో తిరుగుతున్నాయి. నిజానికి ఇందులో గింజలేవీ లేవు. వెన్నను కాచినప్పుడు అందులోని పాల పదార్థం, మనం నెయ్యి కాచేటప్పుడు అడుగున చేరే గసి లాగానే, ఎర్రబడుతుంది. ఆ దశలో వచ్చే రంగుకూ వాసనకూ పెట్టిన పేరే నువాజెట్. సరైన ఇంగ్లీషు మాట బ్రౌన్ బటర్. తప్పుగా రాస్తే గింజల అలర్జీ ఉన్నవారు తినగలిగిన చేపను వదులుకుంటారు. అలర్జీ లేనివారు రాని గింజల గురించి సర్వరును అడుగుతారు. అయితే ఇదే మాట మాంసంతో వస్తే అర్థం మారుతుంది. నువాజెట్ దాన్యో అంటే ఎముక లేని గుండ్రని చిన్న గొర్రెపిల్ల మాంసపు ముక్క. డెజర్టులో వస్తే చాలావరకు నిజమైన హేజెల్‌నట్టే.

దీనికి ఎదురు ఉదాహరణ మన మెనూ చివర ఉంది. తార్త్ ఓ ప్రలీన్‌లో గింజ పేరు కనిపించదు, కాని నిండా గింజలే ఉంటాయి. లియోన్ ప్రలీన్ అంటే గులాబీ రంగు చక్కెర పూత పూసిన బాదం. వాటిని పొడిచేసి క్రీములో ఉడికించి టార్టులో పోస్తారు. ప్రలీన్ అన్న మాటను బెల్జియం చాక్లెట్ తెలిసినవారు లోపల పూరణం ఉన్న చాక్లెట్ అని, న్యూ ఆర్లీన్స్ తెలిసినవారు పెకాన్ మిఠాయి అని చదువుతారు. అందువల్ల ప్రలీన్ టార్ట్ అన్నది అనువాదం అనిపించుకోదు. బాదం అన్న మాట వివరణలో ఉండి తీరాలి.

తరచుగా ఎదురయ్యే మరికొన్ని సాస్‌లను క్లుప్తంగా చెబుతాను. బేయర్నేజ్ గుడ్డు సొన, వెన్న, టారగాన్ ఆకుతో చేసే వెచ్చని సాస్. బ్యర్ బ్లాం వైట్ వైన్, చిన్న ఉల్లి, వెన్నతో చేసేది. బోర్దొలేజ్ రెడ్ వైన్‌తోనూ, సంప్రదాయంగా ఎముక మూలుగతోనూ వస్తుంది. వెయర్జ్ వండనిది, ఆలివ్ నూనె, టమాటా, నిమ్మరసం, ఆకులతో కలిపినది. దీని పేరును వర్జిన్ సాస్ అని మార్చవద్దు. వెలూతే మాత్రం స్టార్టర్లలో కనిపిస్తే సాస్ కాదు, నునుపైన సూప్.

5. వండిన తీరు చెప్పే మాటలు

వీటిలో చాలావాటికి ఇంగ్లీషులో సరైన జంట ఉంది. ప్వాలే అంటే పెనం మీద వేయించినది, రోతీ అంటే రోస్ట్, బ్రేజే అంటే మూతపెట్టి కొద్ది ద్రవంలో నిదానంగా వండినది. ఇక్కడ ఆగవలసిన పని లేదు. ఇబ్బంది పెట్టేవి మూడు.

మొదటిది కోన్ఫీ. బాతు కాలు కోన్ఫీ అయితే ఉప్పు పట్టించి దాని కొవ్వులోనే నిదానంగా వండినది. నిమ్మకాయ కోన్ఫీ అయితే ఉప్పులో ఊరినది, తీపి వంటకంలో అయితే చక్కెర పాకంలో ఉడికినది కూడా కావచ్చు. టమాటా కోన్ఫీ అయితే చిన్న మంట మీద చాలాసేపు మగ్గినది. కాబట్టి వెనుక ఉన్న పదార్థాన్ని చూసి మాట ఎంచుకోండి.

రెండవది మి-క్వీ. సగం వండినది అని దాని అర్థం. ట్యూనా చేపకు వస్తే పైపైన మాత్రమే కాల్చి లోపల పచ్చిగా ఉంచినది. పచ్చిమాంసం, పచ్చిచేప తినరాదని వైద్యులు చెప్పిన గర్భిణుల వంటి వారికి ఈ సంగతి తెలియాలి. అందుకని సియర్డ్, రేర్ అన్న రెండు మాటలూ వాడండి. తర్తార్, కార్పాచియో వంటి పేర్లకు కూడా రా అన్న మాట చేర్చండి.

మూడవది స్టేకు ఉడుకు. బ్లు, సెన్యాం, ఆ ప్వాం, బియెన్ క్వీ అనేవి తక్కువ ఉడుకు నుంచి ఎక్కువ ఉడుకు వరకు ఫ్రెంచి మెట్లు. ఆ ప్వాంను మీడియం అని మారుస్తుంటారు, కాని ఫ్రాన్సులో అది ఇంగ్లీషు మీడియం కన్నా ఎర్రగా, మీడియం రేర్‌కు దగ్గరగా ఉంటుంది. మీడియం రేర్ అని రాయడమే క్షేమం.

6. వంటగదికి ప్రశ్నలు పంపండి

ప్రశ్నలన్నీ పోగుచేసి ఒకేసారి, ఫ్రెంచిలో, అవును కాదు అని జవాబు చెప్పగలిగేలా పంపండి. భోజన వేళలలో పంపితే జవాబు రాదు. మన మెనూకు నేను పంపే ప్రశ్నలు ఇవి: సెర్వెల్‌లో వెల్లుల్లి వేస్తారా? రే చేపను నేరుగా పెనం మీద వేయిస్తారా, కేపర్లు వేస్తారా? కెనెల్‌ను ఓవెన్‌లో పెడతారా? సలాడ్ డ్రెస్సింగులో ఆవాలముద్ద ఉందా? టార్టులో బాదమేనా, హేజెల్‌నట్ కూడా కలుస్తుందా?

చివరి ప్రశ్నను అలర్జీ పట్టికతోనూ పోల్చండి. వంటవాడి జవాబు, పట్టిక ఒకదానితో ఒకటి కలవకపోతే ఏది నమ్మాలో మీరు నిర్ణయించవద్దు. యజమానికి తెలియజేసి ఆయన చెప్పినదే రాయండి.

7. వివరణ రాయండి

ముందుగా పేరు, కింది వరుసలో వివరణ. వివరణ పదిహేను మాటలు దాటకుండా చూసుకోండి. అతిథి తినాలా వద్దా అని తేల్చుకునే పదార్థం, వండిన తీరు ముందు రావాలి, చివర సాస్, పక్కన వచ్చేది. వంటగది జవాబులు వచ్చిన తరువాత మన మెనూ ఇలా తయారవుతుంది.

```
STARTERS
Salade lyonnaise
Frisée salad with warm bacon, croutons and a poached egg,
mustard dressing
Cervelle de canut
Fresh white cheese with shallots, garlic and chives, served with toast

MAINS
Quenelle de brochet, sauce Nantua
Light baked pike dumpling in a creamy crayfish sauce
Tablier de sapeur, sauce gribiche
Beef tripe, breaded and fried, with a cold egg, caper and gherkin sauce
Aile de raie au beurre noisette
Pan-fried skate wing in brown butter, steamed potatoes

DESSERT
Tarte aux pralines
Tart filled with pink sugared almonds cooked in cream
```

ఫ్రెంచి మెనూలకు ఒక అలంకారం బాగా అలవాటు. దాని సాస్‌తో, తన కూరగాయల పాన్పు మీద అన్నట్టుగా రాస్తారు. ఇవి ఫ్రెంచిలో సాఫీగా చదివిస్తాయి, ఇంగ్లీషులో ఎబ్బెట్టుగా ఉంటాయి. ‘దాని’ అన్నదాన్ని తీసేసి విత్ అని రాస్తే సరిపోతుంది. ఫాసోన్ అన్న మాటను మాత్రం వదలకండి. ఫాసోన్ తార్త్ తతెన్ అంటే తలకిందులుగా కాల్చే ఆ ఆపిల్ టార్టు పద్ధతిలో చేసిన మరో వంటకమే తప్ప అసలైన తతెన్ కాదు. ఇన్ ద స్టైల్ ఆఫ్ అనకుండా వదిలేస్తే లేని వంటకాన్ని వాగ్దానం చేసినట్టవుతుంది.

మీ వైపు నుంచి పొగడ్తలు చేర్చవద్దు. ముఖ్యంగా హోమ్‌మేడ్ అన్న మాట. ఫ్రాన్సులో ఫె మెజోన్ అన్నది 2014 నాటి చట్టంతో నియమాలు ఏర్పడిన ముద్ర. ముడి సరుకుతో అక్కడికక్కడే వండినదానికే అది చెల్లుతుంది. ఫ్రెంచి మెనూలో ఉంటేనే ఇంగ్లీషులో రాయండి. అలాగే చికెన్ అని ఉన్నచోట బ్రెస్ చికెన్ అని అందంగా రాయకూడదు. బ్రెస్ ప్రాంతపు కోళ్లకు 1957లోనే రక్షిత నామం లభించింది.

8. బ్రిటన్, అమెరికా తేడాలు, అంకెలు, చిన్న అక్షరాలు

ఓబెర్జీన్, కూర్జెట్ వంటి కూరగాయల పేర్లు బ్రిటన్‌లో ఫ్రెంచి రూపంలోనే చెల్లుతాయి. అమెరికాలో ఎగ్‌ప్లాంట్, జుకీనీ అవుతాయి. మాంసపు భాగాలలో ఇంకా చిక్కు ఉంది. ఫో-ఫిలేను బ్రిటన్‌లో సర్లాయిన్ అంటారు, అమెరికాలో స్ట్రిప్ అంటారు. అమెరికా సర్లాయిన్ వేరే భాగం. పర్యాటకులు కలగలిసి వచ్చే చోట ఏదో ఒక దేశపు ఇంగ్లీషు ఎంచుకుని చివరి వరకు దానినే పాటించండి.

ధరలలో ఫ్రెంచి కామా ఇంగ్లీషులో చుక్క అవుతుంది, యూరో గుర్తు ముందుకు వస్తుంది. సుప్లెమాం అని పక్కన అంకె ఉంటే అదనపు రుసుము అని స్పష్టం చేయండి. సర్వీస్ కోంప్రీ అన్న గమనికను తప్పకుండా అనువదించండి. సర్వీసు ధరలోనే కలిసి ఉన్నదని తెలియక అమెరికా అతిథులు మళ్లీ పెద్ద మొత్తం టిప్పుగా ఇస్తారు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నీ పెద్ద అక్షరాలలో, అక్షరాల మీద పెట్టే యాసగుర్తులు లేకుండా అచ్చయిన మెనూ చాలా ప్రమాదకరం. PATE అని ఉంటే అది మాంసపు పాతేనా, పిండి ముద్దా అన్నది తెలియదు. PECHE అన్నదైతే యాసగుర్తు ఉన్నా తేలదు: డెజర్టులో పీచ్ పండు, మెయిన్ కోర్సుల దగ్గర పెష్ ద్యు జూర్ అని వస్తే ఆనాడు పట్టిన చేప. ఏ విభాగంలో ఉన్నదో చూసి తేల్చండి.

రి ద వోను బియ్యం అనుకోవడం మరో పాత పొరపాటు. బియ్యం రి వేరు, ఈ రి వేరు. ఇది దూడ మెడ దగ్గరి గ్రంథి, ఇంగ్లీషులో స్వీట్‌బ్రెడ్స్. ఇంగ్లీషు మాట కూడా తీపి రొట్టె అనిపిస్తుంది కనుక వీల్ అని ముందు చేర్చండి. ఆందుయెట్‌ను సాసేజ్ అని ముగించడం కూడా ఇటువంటిదే. అది పంది పేగులతో చేసినది, వాసన బలంగా ఉంటుంది. ట్రైప్ సాసేజ్ అని రాయకపోతే పళ్లెం తిరిగి వంటగదికి వెళుతుంది.

పండ్లలో రెజాన్ ద్రాక్ష, ఎండుద్రాక్ష కాదు. ప్రూన్ తాజా ప్లమ్ పండు, ఎండినది ప్రూనో. చేపలలో కాబియో తాజా కాడ్, మోర్యూ ఉప్పులో ఎండబెట్టిన కాడ్.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి

ఫ్రెంచి వరుసలను కాగితంతో మూసి, వివరణలను మాత్రమే ఫ్రెంచి రాని ఒకరికి చదవడానికి ఇవ్వండి. శాకాహారి ఏమేమి తెప్పించుకోవచ్చు, పంది మాంసం ఎందులో ఉంది, బీఫ్ ఎందులో ఉంది, పచ్చిది ఏదైనా ఉందా అని అడగండి. మన మెనూకు సరైన జవాబులు ఇవి: శాకాహారికి సెర్వెల్, టార్టు; పంది మాంసం సలాడ్‌లో; బీఫ్ తాబ్లియేలో; పచ్చిది ఏదీ లేదు. ఒక్క జవాబు తేడా వచ్చినా ఆ వరుసను తిరగరాయండి.

తరువాత అలర్జీ పట్టికను పక్కన పెట్టుకుని, గింజలు, చేప, క్రస్టేషియన్లు అని గుర్తు ఉన్న ప్రతి వంటకంలోనూ ఆ పదార్థం మీ వివరణలో కనిపిస్తున్నదా చూడండి. పాలు, గోధుమ వంటివి అన్నీ వివరణలో ఇమడవు. వాటి కోసం పట్టికను కూడా ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వమని యజమానికి సూచించండి. మెనూ వివరణ పట్టికకు ప్రత్యామ్నాయం కాదు.

అచ్చుకు వెళ్లే ముందు చివరి పీడీఎఫ్ మీకు పంపమని పట్టుబట్టండి. డిజైనర్ చేతిలో యాసగుర్తులు పోవడం, ఒక వంటకం వివరణ మరో వంటకం కింద చేరడం తరచుగా జరుగుతుంది. రెండు భాషలలోనూ వంటకాల సంఖ్య, ధరలు ఒకటొకటిగా పోల్చండి. మెనూ రుతువును బట్టి మారేదైతే, పాత ఇంగ్లీషు కార్డులను తీసేయమని గుర్తుచేయండి. టార్టులో బాదం స్థానంలో హేజెల్‌నట్ వేసిన రోజున పాత కార్డు చేతిలో ఉన్న అతిథికి ఆ సంగతి తెలిసే దారి ఉండదు.